మాట మారినా గది మారకూడదు

పోచంపల్లి ఇక్కత్ చీరల మీద తీసిన ఒక చిన్న డాక్యుమెంటరీ కొన్నాళ్ల క్రితం నా ఎడిటింగ్ టేబుల్ మీదకు వచ్చింది. అందులో ఒక పెద్దాయన గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని, నేస్తూనే మాట్లాడతాడు. మొదటి భాగంలో మగ్గం ఆపి నెమ్మదిగా చెబుతున్నప్పుడు మాట శుభ్రంగా ఉంది. నేత మొదలుపెట్టి, ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచగానే మాట పగిలిపోయింది. నాలుగు వాక్యాలు పూర్తిగా పోయాయి. చిటికి కట్టే పద్ధతి గురించి ఆయన చెప్పిన అసలు సంగతి ఆ నాలుగింటిలోనే ఉంది.

కారణం చాలా మామూలుది. కాలర్ మైకు పెట్టిన కుర్రాడు రికార్డర్ లెవెల్‌ను ఆయన నింపాదిగా మాట్లాడుతున్నప్పుడు సరిచూసుకున్నాడు. తర్వాత మళ్లీ చూడలేదు. డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెల్స్ అనేది పై కప్పు. దాన్ని దాటిన శబ్దం ఎక్కడికీ పోదు, కప్పుకు తగిలి బల్లపరుపుగా తెగిపోతుంది. తెర మీద తరంగాన్ని పెద్దది చేసి చూస్తే కొండ శిఖరాలు ఉండాల్సిన చోట గీత గీసినట్టు చదునుగా కనిపిస్తుంది. దాన్ని బాగుచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, అవి తెగిన శిఖరం ఎలా ఉండి ఉంటుందో ఊహించి గీస్తాయంతే. ఒకటి రెండు అక్షరాల్లో తెగితే ఆ ఊహ పనిచేస్తుంది. వాక్యం పొడవునా తెగితే మిగిలేది గరగరే.

ఇలాంటప్పుడు మాటను మళ్లీ చెప్పించి పెట్టుకోవడం ఒక్కటే దారి. అది మనకు కొత్త విద్యేమీ కాదు. తెలుగు సినిమా దశాబ్దాలుగా డబ్బింగ్ మీదే నడిచింది. ఔట్‌డోర్‌లో వాడిన కెమెరాలు గట్టిగా మోత చేసేవి. చుట్టూ జనం, జనరేటర్లు, డైరెక్టర్ కేకలు ఉండేవి. అక్కడ రికార్డయిన మాటను పైలట్ ట్రాక్‌గా మాత్రమే వాడుకుని, నటులను తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో నిలబెట్టి ప్రతి డైలాగూ మళ్లీ చెప్పించేవారు. 2001లో వచ్చిన హిందీ ‘లగాన్’ షూటింగ్ స్థలంలోనే మాట పట్టిందని అంత చర్చ జరగడానికి కారణం, మన పరిశ్రమల్లో మిగతావాళ్లలో చాలామంది అలా చేయకపోవడమే.

కానీ సినిమాకూ డాక్యుమెంటరీకీ ఒక పెద్ద తేడా ఉంది. సినిమాలో ప్రతి మాటా థియేటర్‌లోదే కాబట్టి ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య పొత్తు కుదురుతుంది. చుట్టూ ఉండే శబ్దాలన్నీ విడిగా తయారుచేసి కలుపుతారు, పైన నేపథ్య సంగీతం ఉండనే ఉంటుంది. మన పెద్దాయన విషయంలో అలా కాదు. ముందు వాక్యం ఆయన ఇంట్లో పట్టిన అసలు మాట, తర్వాతి వాక్యం మళ్లీ చెప్పించినది, ఆ తర్వాత మళ్లీ అసలు మాట. అతుకులన్నీ బయటపడే పరిస్థితి. అక్కడ చూసేవాళ్ల చెవికి మొదట తగిలేది గొంతులోని తేడా కాదు, గొంతు వెనక ఉన్న గది మాయమవడం.

ఏ గదీ నిశ్శబ్దంగా ఉండదు. ట్యూబ్‌లైట్ చోక్ సన్నగా మూలుగుతుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కాబట్టి ఆ మూలుగు దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర వినిపిస్తుంది. దూరంగా రోడ్డు, పక్కింట్లో గిన్నెలు, చెట్టు మీద కాకి, కిటికీలోంచి వచ్చే గాలి, వీటన్నిటికీ తోడు మైకూ రికార్డరూ తమవిగా కలిపే సన్నని హిస్. ఇవన్నీ కలిసినదే ఆ గది చప్పుడు. సౌండ్ వాళ్లు దాన్ని రూమ్ టోన్ అంటారు. అది మనకు వినిపిస్తున్నట్టు అనిపించదు, ఎందుకంటే ఎడతెగకుండా ఒకేలా ఉండే శబ్దాన్ని చెవి కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. అదే శబ్దం ఉన్నట్టుండి ఆగినా, మొదలైనా, పెరిగినా వెంటనే పట్టుకుంటుంది. రాత్రి ఫ్రిజ్ ఆగినప్పుడే అంతసేపూ అది మోగుతోందని మనకు తెలిసేది ఇందుకే.

ఎడిటింగ్‌లో పాడైన ముక్కను కోసేస్తే అక్కడ మిగిలేది గది నిశ్శబ్దం కాదు, అసలు ఏమీ లేకపోవడం. తరంగం సున్నా మీద గీతలా పడుకుని ఉంటుంది. ప్రపంచంలో ఎక్కడా లేని ఆ సున్నా చెవిలో పడగానే చూసేవాళ్లు ఫోన్ ఆగిపోయిందనో, హెడ్‌ఫోన్ వైరు ఊడిందనో అనుకుంటారు. ఎందుకలా అనిపించిందో వాళ్లు చెప్పలేకపోవచ్చు. తెర మీది మనిషి మాత్రం ఒక్క క్షణం అబద్ధమైపోతాడు.

ఇక ఆ నాలుగు వాక్యాల సంగతికి వస్తాను.

మొదట చేయాల్సింది మైకు దగ్గరకు పరుగెత్తడం కాదు, దృశ్యాన్ని పరిశీలించడం. ఏ మాటల దగ్గర పెదవులు కనిపిస్తున్నాయి, ఏ మాటల దగ్గర కనిపించడం లేదు అని చూసుకోవాలి. పెదవులు కనిపిస్తే మాట సరిగ్గా వాటి కదలికకు అతకాలి. కనిపించకపోతే అది కేవలం వాయిస్‌ఓవర్, దానికి చాలా స్వేచ్ఛ ఉంటుంది. మా అదృష్టం కొద్దీ చేతుల క్లోజప్‌లు, నాడె అటూ ఇటూ పరుగెత్తే షాట్లు, రంగు ఆరబెట్టిన నూలు షాట్లు బోలెడన్ని ఉన్నాయి. నాలుగింటిలో మూడు వాక్యాలను ఆ షాట్ల మీదకు జరిపేశాం. మిగిలిన ఒక్క వాక్యంలో మొదటి మూడు మాటలు మాత్రం ఆయన ముఖం మీదే పడతాయి, తర్వాత చేతులకు కట్ అవుతుంది. అంటే ఖచ్చితంగా అతకాల్సింది మూడే మాటలు.

అతకడంలోనూ చెవికి కొంత ఓర్పు ఉంది. అంతర్జాతీయ ప్రసార ప్రమాణాల ప్రకారం మాట పెదవుల కన్నా సుమారు 45 మిల్లీసెకన్లు ముందుకు జరిగితే తేడా తెలుస్తుంది, వెనక్కి అయితే దాదాపు 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. దూరంగా ఉన్న మనిషి మాట కొంచెం ఆలస్యంగా చేరడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే, చూపు కన్నా ముందు మాట రావడం మాత్రం ఎన్నడూ జరగదు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కాబట్టి అనుమానం ఉంటే కొత్త మాటను ఒక ఫ్రేము వెనక్కే జరపాలి, ముందుకు జరపకూడదు.

మాట ఎవరు చెప్పాలన్నది రెండో ప్రశ్న. వేరే గొంతుతో వ్యాఖ్యానంగా చెప్పించే దారి ఉంది. చాలామంది అదే చేస్తారు, అందులో తప్పు లేదు. కానీ చిటికి కట్టిన చేతుల యజమాని తన గొంతుతో చెప్పడానికీ, ఎవరో చదివి వినిపించడానికీ చాలా తేడా ఉంది. ఆయనే చెప్పాలని మేం నిర్ణయించుకున్నాం. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మళ్లీ చెప్పించేది ఆయన ముందు చెప్పిన మాటే అయి ఉండాలి. వాక్యం అందంగా లేదనో, మన కథకు ఇంకొంచెం బలం కావాలనో కొత్త మాటలు ఆయన నోట్లో పెట్టకూడదు. పాడైన రికార్డింగులో మాటలు అర్థమవుతూనే ఉంటాయి కాబట్టి అదే సాక్ష్యం. మా దగ్గర కెమెరా మైకులో దూరంగా, గుల్లగా పట్టిన ఇంకో ట్రాక్ కూడా ఉంది. వాడుకోవడానికి పనికిరాదు గానీ ప్రతి అక్షరం స్పష్టంగా వినిపిస్తుంది.

మళ్లీ ఊరికి టీమ్ వెళ్లే వీలు లేదు. ఆయన కొడుకు ఫోన్లో రికార్డు చేసి పంపుతానన్నాడు. అదే ఇంట్లో, అదే గదిలో, అదే మగ్గం గుంట దగ్గర చేయమని చెప్పాం. ఇది చాలా ముఖ్యం. ప్రతి గదికీ తనదైన ప్రతిధ్వని ఉంటుంది. మట్టిగోడ మాటను కొంత మింగుతుంది, గచ్చు నేల తిప్పికొడుతుంది, వేలాడే నూలు కండెలు మళ్లీ కొంత పీలుస్తాయి. వేరే చోట రికార్డు చేయాల్సి వస్తే దుప్పట్ల మధ్య, బట్టల బీరువా ముందు ప్రతిధ్వని లేకుండా పట్టి, ఆ గది రెవెర్బ్‌ను తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. ఉన్న ప్రతిధ్వనిని తీసేయడం చాలా కష్టం, లేని దాన్ని కలపడం తేలిక. అదే గది దొరికినప్పుడు ఈ తంటా ఏమీ అక్కర్లేదు. దుప్పటి కప్పకుండా గదిని తన పని తనను చేయనివ్వాలి.

మరి పగలా, రాత్రా? పగలు చేస్తే పక్కింటి బోరు మోటారు, వీధిలో బళ్లు, ఇతర మగ్గాల చప్పుడు అన్నీ ఆ కొత్త మాటలో పడతాయి. అసలు షూటింగ్ రోజు ఉన్న చప్పుడు ఒకటి, ఈ రోజు చప్పుడు ఇంకొకటి. రెండూ కలిస్తే అతుకు కనిపిస్తుంది. అందుకే ఊరు సద్దుమణిగాక, రాత్రి చేయమన్నాం. దీని వెనక చిన్న లెక్క ఉంది. ఒకే మోతాదులో ఉన్న రెండు వేర్వేరు హోరులను కలిపితే మొత్తం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కొత్త మాట మొదలైన చోటల్లా హోరు లేచి, మాట ఆగిన చోటల్లా పడిపోతుంది. చెవి దాన్ని ఊపిరిలా పట్టేస్తుంది. అదే కొత్త మాట వెనక ఉన్న హోరు, అసలు గది హోరు కన్నా 10 డెసిబెల్స్ తక్కువగా ఉంటే కలిపినప్పుడు పెరిగేది అర డెసిబెల్ కూడా ఉండదు. ఎవరికీ తెలియదు. కాబట్టి కొత్త మాట ఎంత నిశ్శబ్దంలో పడితే అంత మంచిది, గదిని మనం విడిగా దాని కింద పరుస్తాం.

కానీ రాత్రి నిశ్శబ్దానికి ఒక ఇబ్బంది ఉంది. మొదటి రికార్డింగు రాగానే అది బయటపడింది. మాటలు అవే, మనిషి ఆయనే, అయినా మగ్గం ముందు కూర్చున్న ఆయన కాదు. నిద్రపోతున్న మనవడు లేస్తాడేమోనని నెమ్మదిగా చెబుతున్నట్టుంది. చప్పుడులో మాట్లాడేటప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు, శ్రుతి కాస్త పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి. ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ దీన్ని వందేళ్లకు పైగా కిందట, 1911లో ప్రచురించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటున్నారు. మెల్లగా చెప్పిన మాటను సాఫ్ట్‌వేర్‌లో ఎంత పెంచినా అది గట్టిగా చెప్పిన మాట అవదు. పెద్దగా వినిపించే గుసగుస అవుతుంది.

అందుకని మగ్గం చప్పుడున్న ఒక నిమిషం ఫైలు పంపి, దాన్ని ఇయర్‌ఫోన్‌లో పెద్దాయన చెవికి పెట్టమన్నాం. చెవిలో మగ్గం మోగుతుంటే గొంతు దానంతట అదే లేచింది. నిలబడకుండా గుంటలోనే కూర్చోమన్నాం, ఎందుకంటే నడుం వంచి కూర్చున్న మనిషి ఊపిరి వేరు, నిటారుగా నిలబడ్డ మనిషి ఊపిరి వేరు. కాగితం మీద రాసి చదివించవద్దన్నాం. చదివే గొంతును ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు. కొడుకు పక్కన కూర్చుని, షూటింగులో అడిగిన ప్రశ్నే అడిగాడు. రికార్డింగులో అతని మాట కూడా వినిపిస్తుంది: “నాయినా, గట్టిగ చెప్పు, మగ్గం నడుస్తున్నట్టే చెప్పు. చిటికి తప్పితే ఏమైతది?” ఒక్కో వాక్యాన్నీ కొన్నిసార్లు చెప్పించాం. మొదటిసారి చెప్పినప్పుడు మనిషి మాటలు గుర్తుచేసుకుంటాడు, తర్వాతే విషయం చెబుతాడు.

ఫోన్ విషయంలో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. చాలా ఫోన్లలో రికార్డర్ యాప్ తనంతట తానే చప్పుడు తగ్గిస్తుంది, మాట ఆగినప్పుడు లెవెల్ పెంచేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ సదుపాయాలు ఉంటే ఆపేయాలి. రెండోది, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే మాట బాగా కుదించుకుపోతుంది. రికార్డరులో పట్టిన ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఫోన్‌ను నోటికి మరీ దగ్గర పెట్టకుండా ఛాతీకి ఎదురుగా జానెడున్నర దూరంలో, ఎత్తుపీట మీద ఉంచమన్నాం. చేతిలో పట్టుకుంటే వేళ్ల రాపిడి కూడా మాటలో పడుతుంది.

ఇప్పుడు గొంతు సరిపోల్చాలి. కాలర్ మైకు గడ్డం కింద, ఛాతీ మీద ఉంటుంది. అక్కడ ఛాతీ గుమ్ము ఎక్కువగా, హల్లుల పదును తక్కువగా పడుతుంది. ఎదురుగా పెట్టిన ఫోన్‌లో ఆ పదును పూర్తిగా పడుతుంది. 3, 4 వేల హెర్ట్జ్ ప్రాంతంలో ఈక్వలైజర్‌తో కొద్దిగా తగ్గిస్తే రెండూ దగ్గరవుతాయి. నా పద్ధతి ఏమిటంటే, అసలు మాటలోనూ కొత్త మాటలోనూ ఉన్న ఒకే పదాన్ని పట్టుకుంటాను. ఇక్కడ ఆ పదం ‘నూలు’. బాగున్న భాగంలో ఆయన ‘నూలు’ అన్న చోటునూ, రాత్రి ‘నూలు’ అన్న చోటునూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి కళ్లు మూసుకుని వింటూ ఈక్వలైజర్ తిప్పుతాను. వాక్యాలు పోల్చితే అర్థం అడ్డొస్తుంది. ఒకే పదమైతే చెవికి తేడా తప్ప ఇంకేమీ మిగలదు.

మాట సిద్ధమైంది. నాలుగు వాక్యాలనూ వాటి చోట్లలో పెట్టి వింటే, రాత్రి నిశ్శబ్దంలోంచి ఒక మనిషి పగటి ఇంట్లోకి వచ్చీ పోతున్నట్టుంది. ఇక గదిని పరచాలి.

షూటింగు రోజున గది చప్పుడు విడిగా ఎవరూ రికార్డు చేయలేదు. అలాంటప్పుడు అసలు రికార్డింగులోనే వెతుక్కోవాలి. “యాక్షన్” అనడానికి ముందు అందరూ ఊపిరి బిగబట్టిన కొన్ని సెకన్లు, “కట్” అనకముందు మిగిలిన క్షణాలు, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఆయన ఆలోచించిన వ్యవధి, ఇవే మన గని. మగ్గం ఆపి మాట్లాడిన భాగంలో నాకు వరుసగా ఏడు సెకన్ల ముక్క ఒకటి దొరికింది, చిన్నచిన్న ముక్కలు ఇంకొన్ని దొరికాయి. ఏరేటప్పుడు రెండింటిని వదిలేయాలి. ఒకటి, మాట ముగిసిన వెంటనే ఉండే ప్రతిధ్వని తోక, మాట మొదలయ్యే ముందు పీల్చే ఊపిరి. రెండోది, గుర్తుపట్టగలిగే ఏ చప్పుడైనా సరే. కాకి ఒక్కసారి అరిస్తే అది ఊరు. ప్రతి ఏడు సెకన్లకూ అదే కాకి అదే గొంతుతో అరిస్తే అది యంత్రం. చూసేవాళ్లకు మూడోసారికల్లా తెలిసిపోతుంది.

ఏడు సెకన్ల ముక్కను వరుసగా అతికిస్తూ పోతే కాకి లేకపోయినా లయ బయటపడవచ్చు. అందుకే వేర్వేరు పొడవుల ముక్కలను క్రమం మార్చి అతికించాలి. మరీ తక్కువ దొరికితే ఒక ముక్కను వెనక్కి తిప్పి దాని పక్కనే పెట్టుకోవచ్చు. తిప్పిన ముక్క మొదలు, అసలు ముక్క చివర ఒకటే కాబట్టి అతుకు దగ్గర గెంతు ఉండదు. నిలకడైన హోరుకు ఇది బాగా పనికొస్తుంది. అందులో ఏ చిన్న తట్టు శబ్దం ఉన్నా వెనక్కి తిరిగి పీల్చినట్టు వినిపిస్తుంది గనుక అలాంటి చోట వాడకూడదు.

అతికేటప్పుడు ఒక ముక్క తగ్గుతూ ఇంకొకటి పెరిగేలా క్రాస్‌ఫేడ్ వేస్తాం. ఏ రకం క్రాస్‌ఫేడ్ అన్నది ఇక్కడ తేడా తెస్తుంది. రెండూ సరళరేఖలో మారితే సరిగ్గా మధ్యలో హోరు 3 డెసిబెల్స్ పడిపోయి చిన్న గుంట వస్తుంది. రెండు ముక్కలూ ఒకే గదివే అయినా వాటి తరంగాలు ఒకదానితో ఒకటి పొంతన లేనివి కాబట్టి అలా జరుగుతుంది. ప్రీమియర్‌లో `Constant Power` అని కనిపించే రకం ఆ గుంటను పూడుస్తుంది. గది చప్పుడు అతుకులకు అదే వాడాలి, నిడివి కూడా ధారాళంగా అర సెకను నుంచి ఒక సెకను దాకా ఇవ్వవచ్చు.

ఇలా తయారైన గది చప్పుడును ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పరచాలన్నదే చాలామంది తప్పు చేసే చోటు. సీను మొత్తానికీ కింద పరిచేస్తే, అసలు మాట ఉన్న చోట అప్పటికే దాని వెనక గది ఉంది కాబట్టి హోరు రెట్టింపవుతుంది. పైన చెప్పిన 3 డెసిబెల్స్ ఊపిరి మళ్లీ మొదలవుతుంది. జంబుఖానా చాలని చోట ఇంకో ముక్క కలిపి అంచులు ఒకదాని మీదకు ఒకటి కొద్దిగా ఎక్కేలా పరిచినట్టు, అసలు మాట ఎక్కడ ఆగిందో అక్కడ గది చప్పుడు మొదలై, కొత్త వాక్యం కింద సాగి, మళ్లీ అసలు మాట వచ్చిన చోట అంచు కలిపి ఆగిపోవాలి.

ఆ అంచు ఎక్కడ పడాలో కూడా ఆలోచించాలి. మాటకూ మాటకూ మధ్య ఉన్న నిశ్శబ్దంలో పెట్టాలని అనిపిస్తుంది. అది తప్పు. నిశ్శబ్దంలో చెవి ఖాళీగా ఉంటుంది, ప్రతిదీ వింటుంది. బలమైన శబ్దం వచ్చిన క్షణంలో దాని కింద జరిగే చిన్న మార్పును చెవి పట్టుకోలేదు. ‘క’, ‘ట’, ‘ప’ లాంటి గట్టి హల్లుతో మాట మొదలయ్యే చోట అంచును దాచేయవచ్చు. ‘కట్టాలె’ అని ఆయన మొదలుపెట్టిన ఆ ‘క’ కిందనే ఒక అతుకును నేను దాచాను. ఎక్కడుందో తెలిసిన నాకే వినిపించలేదు.

మా సీనులో ఇంకో పొర కూడా ఉంది, అదే మగ్గం చప్పుడు. అది గది చప్పుడు కాదు. ఒక్కో దెబ్బకూ తెర మీద ఒక చెయ్యి కదులుతుంది. అసలు ట్రాక్‌లో మగ్గం దెబ్బలు మాటతో పాటే పగిలిపోయాయి కాబట్టి, మాటల్లేకుండా విడిగా తీసిన చేతుల క్లోజప్‌ల నుంచి శుభ్రమైన దెబ్బలను తీసుకున్నాం. చేతులు కనిపించే షాట్లలో దెబ్బ దెబ్బకూ అతికించాం. ముఖమో నూలో కనిపించే షాట్లలో లయ తప్పకుండా సాగనిచ్చాం, మాట వచ్చినప్పుడు కాస్త తగ్గించాం. ఇయర్‌ఫోన్‌లో మగ్గం వింటూ పెద్దాయన మాట్లాడటం వల్ల ఆయన మాట ఊపు కూడా ఆ దెబ్బల మధ్య చక్కగా కూర్చుంది.

సరిగ్గా వచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి నేను చేసే పరీక్షలో మాటను వినను, వెనకనున్న గదినే వింటాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక్కో అతుకు చుట్టూ రెండు మూడు సెకన్లు మళ్లీ మళ్లీ తిప్పుతూ, మాటల మధ్య ఖాళీల్లో హోరు మోతాదు, రంగు ముందూ వెనకా ఒకేలా ఉన్నాయా అని చూస్తాను. వాల్యూమ్ పెంచి వినేటప్పుడు మాట ట్రాక్‌ను ఆపేయాలి, లేకపోతే చెవికి దెబ్బ. ఫోన్ స్పీకర్‌లో కూడా విని తీరాలి గానీ దాన్ని మాత్రమే నమ్మకూడదు. దాంట్లో అడుగు శ్రుతులు రావు గనుక 100 హెర్ట్జ్ మూలుగు ఒక చోట ఉండి ఇంకో చోట మాయమైనా తెలియదు. టీవీకి పెట్టినప్పుడు ఇల్లంతా తెలుస్తుంది.

ఈ పని తప్పించుకోవడానికి వాడే రెండు అడ్డదారుల గురించి కూడా చెప్పాలి. ఒకటి నాయిస్ గేట్. మాట లేనప్పుడు చప్పుడు మొత్తం మూసేసే ఈ సాధనం వల్ల ప్రతి మాట వెనకా గది పుట్టి, ప్రతి మాట తర్వాతా చచ్చిపోతుంది. మనం పూడ్చాలనుకున్న గుంటనే వందసార్లు తవ్వుతుంది. రెండోది సంగీతం. కింద వీణో ఫ్లూటో వేసేస్తే గుంటలు తెలియవని చాలా యూట్యూబ్ వీడియోల్లో అదే చేస్తున్నారు. సంగీతం ఆగిన మరుక్షణం అన్నీ బయటపడతాయి. అంతకన్నా పెద్ద నష్టం, పెద్దాయన ఇల్లు పోయి దాని చోట ఒక స్టూడియో వచ్చి కూర్చుంటుంది. ఈ పద్ధతికీ హద్దు ఉందని ఒప్పుకోవాలి. ముఖం దగ్గరగా కనిపిస్తూ మనిషి కంటతడి పెట్టి చెప్పిన మాట పాడైతే, దాన్ని మళ్లీ చెప్పించకూడదు. పగిలిన మాటే ఉంచి, కింద అక్షరాలు వేయడం మేలు. కన్నీళ్లకు రెండో టేక్ అడిగే హక్కు మనకు లేదు.

డాక్యుమెంటరీయో, పెళ్లి వీడియోయో, ఊళ్లో ఒక రైతుతో ఇంటర్వ్యూయో తీసే ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఒకటుంది. మాటలు పూర్తయ్యాక, మైకు ఊడదీయకముందే, “ఒక్క నిమిషం ఎవరూ కదలొద్దు” అని అడగండి. అదే మైకు, అదే చోటు, అదే లెవెల్, ఫ్యాన్ మాట్లాడినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచి, గదిలో ఉన్నవాళ్లెవరూ బయటికి పోకుండా గది చప్పుడును 60 సెకన్లు పట్టండి. ఆ ఫైలుకు ఇంటి పేరు, గది, తేదీ, సమయం రాసి అసలు రికార్డింగుల పక్కనే దాచండి.